సీజన్‌లో సెలవు ఇవ్వలేమని చెప్పడం ఎలా

పని నెత్తిమీద ఉన్న రోజుల్లో వచ్చిన సెలవు దరఖాస్తును కాదనాల్సి వస్తే, ఆ జవాబు చదివిన మనిషికి కొన్ని సంగతులు అక్కడికక్కడే తెలియాలి. సెలవు ఉందా లేదా, లేకపోతే ఎందుకు లేదు, దాని బదులు ఏమి దొరుకుతుంది, ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చు. ఆఫీసుల్లో మామూలుగా నడిచే జవాబుల్లో వీటిలో మొదటిది కూడా తేటగా ఉండదు. కాదన్న సంగతి సగం మింగేసి, మిగతా చోటంతా విసుగుతో నింపుతారు. అలాంటి జవాబు ఒకటి తీసుకుని, దాన్ని తిరగరాస్తే ఎలా ఉంటుందో చూస్తే విషయం త్వరగా బోధపడుతుంది.

ఉదాహరణకు విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. ఇలాంటి ఆఫీసులకు సెప్టెంబర్ నెల గండం. వ్యాపారం టర్నోవర్ చట్టం చెప్పిన హద్దు దాటితే ఖాతా పుస్తకాలను చార్టర్డ్ అకౌంటెంట్ తనిఖీ చేసి, ఆదాయపు పన్ను శాఖకు నివేదిక ఇవ్వాలి. దీన్నే ట్యాక్స్ ఆడిట్ అంటారు. మామూలుగా దీనికి గడువు సెప్టెంబర్ 30. పేరుకు ఆఖరి రోజు 30 అయినా ఆఫీసు లెక్కలో గడువు నాలుగైదు రోజుల ముందే ముగుస్తుంది. ఆడిటర్ నివేదికను పోర్టల్‌లో అప్‌లోడ్ చేస్తే సరిపోదు, వ్యాపారి తన లాగిన్‌లోకి వెళ్లి దాన్ని ఆమోదించాలి. ఆ వ్యాపారి ఊళ్లో ఉండడు, పాస్‌వర్డ్ గుమాస్తా దగ్గర ఉంటుంది, గుమాస్తా ఫోన్ ఎత్తడు. ఆఖరి రెండు రోజుల్లో పోర్టల్ కూడా నత్తనడక నడుస్తుంది. గడువు దాటితే దాని భారం ఖాతాదారు మీద పడుతుంది, ఆ ఖాతాదారు మళ్లీ ఏడాది ఈ ఆఫీసు మెట్లెక్కడు.

ఆ ఆఫీసులో సరళ అనే సీనియర్ ఆడిట్ అసిస్టెంట్ పనిచేస్తున్నారనుకుందాం. సెప్టెంబర్ 12న ఆమె మేనేజర్‌కు ఒక దరఖాస్తు పంపారు. అత్తమామలతో కలిసి రామేశ్వరం, మధుర, అరుణాచలం చూసుకుని 26వ తేదీ శనివారం తిరుమల చేరాలని, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు జూన్‌లోనే తీసుకున్నామని, అందువల్ల 21 నుంచి 28 వరకు ఎనిమిది రోజులు సెలవు కావాలని అందులో రాశారు. నడుమ ఒక ఆదివారం పోగా ఏడు పనిదినాలు. మేనేజర్ మూడు రోజులు జవాబివ్వలేదు. 15వ తేదీ రాత్రి వాట్సాప్‌లో ఈ మాటలు వచ్చాయి:

“సరళ గారూ, సెప్టెంబర్ అని తెలిసి కూడా ఎనిమిది రోజులు లీవ్ అడగడం ఏం బాగోలేదు. ఇక్కడ అందరం రాత్రి పదింటి దాకా కూర్చుంటున్నాం. సీనియర్లే ఇలా చేస్తే జూనియర్లు ఏం నేర్చుకుంటారు? ప్రస్తుతానికి లీవ్ కష్టం. ముప్పై తర్వాత చూద్దాం.”

రాసినాయన చెడ్డవాడేమీ కాకపోవచ్చు. పగలంతా ఖాతాదారులతో, రాత్రంతా పోర్టల్‌తో కుస్తీ పట్టి, ఆ చిరాకులో టైపు చేసి ఉంటాడు. అయినా చదివేవారికి అందేది ఆ చిరాకే.

ముందుగా చూడాల్సింది నిర్ణయం. “ప్రస్తుతానికి లీవ్ కష్టం” అన్న మాటకు మన ఆఫీసుల్లో రెండు అర్థాలున్నాయి. లేదని మెత్తగా చెప్పడం ఒకటి, ఇంకోసారి బతిమాలితే ఇస్తామనడం రెండోది. సరళ ఏ అర్థం తీసుకోవాలి? రామేశ్వరంలో సత్రం గది ఉంచుకోవాలా, వదులుకోవాలా? రైలు టికెట్లు రద్దు చేసుకోవాలంటే ఎంత ముందు చేస్తే అంత తక్కువ నష్టం. నిర్ణయం తేల్చకుండా వదిలిన ప్రతి రోజూ ఆమెకు డబ్బు రూపంలో తగులుతుంది. మూడు రోజుల ఆలస్యం కూడా ఈ ఖాతాలోకే వస్తుంది. మెత్తగా ఉండాలని మాటను నానబెట్టడం దయ అనిపిస్తుంది గానీ, ఎదుటి మనిషి ఏర్పాట్లు చేసుకోలేని స్థితిలో పడతారు.

రెండోది కారణం. జవాబులో కారణం ఉన్నట్టు కనిపిస్తుంది కానీ లేదు. సెప్టెంబర్‌లో పని ఎక్కువన్నది సరళకూ తెలుసు, అది అందరికీ వర్తించే సంగతి. అదే సెప్టెంబర్‌లో 21, 22 తేదీలకు ఇంకో అసిస్టెంట్‌కు సెలవు మంజూరైందన్నది కూడా ఆమెకు తెలుసు. పని ఎక్కువన్నదొక్కటే కారణమైతే ఆయనకు ఎలా ఇచ్చారు? ఈ ప్రశ్నకు జవాబు కాగితం మీద లేనప్పుడు, క్యాంటీన్‌లో ఎవరో ఒకరు తమకు తోచిన జవాబు చెబుతారు. అది సాధారణంగా కులం గురించో, చుట్టరికం గురించో, మొహమాటాల గురించో ఉంటుంది.

మూడోది నింద. రాత్రి పది దాకా కూర్చోవడం, జూనియర్లు నేర్చుకోవడం, ఇవి సెలవు నిర్ణయానికి సంబంధించినవి కావు. ఆమె నడతకు ఇచ్చిన మార్కులు. సెలవు అడగడం తప్పు కాదు. వీలవుతుందో లేదో తెలుసుకోవడానికే దరఖాస్తు. అడిగినందుకే మాటపడాల్సి వస్తే, మరుసటి ఏడాది అడగరు. 21వ తేదీ పొద్దున్నే జ్వరమని ఫోన్ చేస్తారు. మేనేజర్‌కు అప్పుడు ముందుగా తెలిసే అవకాశం కూడా పోతుంది. ఆఫీసులో ముఖ్యమైన రోజుల్లో జ్వరాలు ఎక్కువవుతున్నాయంటే, సెలవు అడిగినవారికి వెనకటిసారి ఎలాంటి జవాబులు వెళ్లాయో ఒకసారి తిరగేసి చూసుకోవాలి.

ఇక “ముప్పై తర్వాత చూద్దాం” అన్న హామీ. చూసేది ఎవరు, ఎప్పుడు, ఎన్ని రోజులు? అక్టోబర్ 31కి ఆడిట్ ఉన్న వ్యాపారుల ఆదాయపు పన్ను రిటర్నుల గడువు ఉంటుంది. ముప్పై తర్వాత ఇంకో ముప్పై ఒకటి కాచుకుని ఉంటుందన్న సంగతి సరళకు మేనేజర్ కంటే బాగా తెలుసు. అందుకే ఈ వాక్యాన్ని ఆమె హామీగా లెక్కపెట్టదు.

జవాబు తిరగరాయాలంటే కలం పట్టడానికి ముందే కొంత తెలుసుకోవాలి. అసలు ఈ సెలవును కాదనే అధికారం ఉందా అన్నది మొదటి ప్రశ్న. ప్రసూతి సెలవు చట్టం ఇచ్చిన హక్కు, సీజన్ పేరు చెప్పి దాన్ని వెనక్కి నెట్టలేరు. ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున ఓటరుకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు, ఆసుపత్రిలో పడినప్పుడు చట్టం ఏమన్నా అనకపోయినా ఫైళ్ల మాట ఎత్తకూడదు. యాత్ర ఈ కోవలోకి రాదు కాబట్టి ఇక్కడ కాదనవచ్చు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1972 నాటి సెలవు నియమాల్లో ఏడో నియమం ఈ సంగతి సూటిగా చెబుతుంది: సెలవును హక్కుగా అడగడానికి వీల్లేదు, ప్రజాసేవ అవసరాల దృష్ట్యా అధికారి దాన్ని నిరాకరించవచ్చు. అయితే అదే నియమం అధికారికీ ఒక హద్దు గీసింది. ఉద్యోగి తానుగా రాసిస్తే తప్ప, అడిగిన సెలవు రకాన్ని అధికారి మార్చకూడదు. “వెళ్తే వెళ్లండి, జీతం కట్” అని విసిరేసే మేనేజర్లు ఈ రెండో సగాన్ని గుర్తుంచుకుంటే మంచిది. ప్రైవేటు ఆఫీసుకు ఆ నియమం వర్తించకపోయినా అందులోని న్యాయం వర్తిస్తుంది.

ఇలాంటిదే ఇంకొకటి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 79వ సెక్షన్‌లో ఉండేది. కార్మికుడు సెలవు మొదలయ్యే తేదీకి కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది. వాడుకోని సెలవుల్లో పెద్దవారికి 30 రోజుల వరకే మరుసటి ఏడాదికి మిగిలేవి. కానీ అడిగినా ఇవ్వని సెలవు విషయంలో ఆ పరిమితి ఉండేది కాదు, ఎన్ని రోజులైనా ముందుకు తీసుకుపోగలిగేవారు. యాజమాన్యం అవసరం కోసం సెలవు ఆపితే ఆ నష్టం కార్మికుడి ఖాతాలో పడకూడదన్నది దీని వెనక ఉన్న ఆలోచన. ఆడిటర్ ఆఫీసు ఫ్యాక్టరీ కాదు. అయినా ఈ రెండూ సరళ దరఖాస్తుకు మంచి కొలబద్దలు. ఆమె తొమ్మిది రోజుల ముందు అడిగారు, టికెట్లు మాత్రం జూన్‌లోనే కొన్నారు. ఇక్కడ ఆమె వైపు కొంత పొరపాటుంది, జవాబులో అది చెప్పవచ్చు. కాకపోతే ఒక్క వాక్యంలో, ఎత్తిపొడుపు లేకుండా చెప్పాలి.

తర్వాత అసలు ఇబ్బంది ఎక్కడుందో మేనేజర్ తనకు తాను తేల్చుకోవాలి. ఆఫీసులో ఇంకా 16 ఫైళ్లు మిగిలాయి. సరళ దగ్గర అయిదున్నాయి. వాటిలో మూడు దాదాపు పూర్తయ్యాయి, ఇంకెవరైనా చూసి ముగించగలరు. రెండు మాత్రం అలా కాదు. ఒకటి రైసు మిల్లు, ఒకటి మందుల హోల్‌సేల్ వ్యాపారం. జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలకూ పుస్తకాల్లోని అమ్మకాలకూ మధ్య వచ్చిన తేడాలను ఆమె రెండు వారాలుగా ఒక్కొక్కటే పట్టుకుని సరిచూస్తున్నారు. ఏ బిల్లు ఏ నెలలో పడింది, వెనక్కి వచ్చిన మందుల క్రెడిట్ నోట్లు ఎక్కడ లెక్కకు రాలేదు అన్నది ఆమె నోట్‌బుక్‌లోనూ ఆమె తలలోనూ ఉంది. మరొకరికి అప్పగిస్తే మళ్లీ మొదటికి వస్తుంది. మిగిలిన పని ఫైలుకు మూడు రోజులు పడుతుంది, అంటే 25 నాటికి రెండూ తేలతాయి. 28న ఖాతాదారుల ఆమోదం తీసుకోవాలి.

ఇంత లెక్క వేశాక మేనేజర్‌కు తెలిసేదేమిటంటే, ఆఫీసుకు సరళ అవసరం 21 నుంచి 25 వరకు, మళ్లీ 28న. 26వ తేదీ శనివారం ఆమె లేకపోయినా కొంప మునగదు. “సెప్టెంబర్ అంతా కుదరదు” అన్నది అలవాటుగా నోటికొచ్చిన మాట తప్ప లెక్కలోంచి వచ్చింది కాదు.

అవతలి పక్కన కూడా ఇలాగే వెతకాలి. దరఖాస్తులో ఏది జరపగలిగింది, ఏది జరపలేనిది? రామేశ్వరం అక్టోబర్‌లోనూ అక్కడే ఉంటుంది. దర్శనం టికెట్ అలా కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ టికెట్లను సుమారు మూడు నెలల ముందు ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది, చూస్తుండగానే అయిపోతాయి. టికెట్ మీద పేరు, గుర్తింపు వివరాలు ఉంటాయి కాబట్టి బదులుగా ఇంకొకరిని పంపడం కుదరదు. అత్తమామల వయసులో మళ్లీ టికెట్ దొరికేదాకా ఆగమనడం చిన్న మాట కాదు. కాబట్టి దరఖాస్తులో జరపలేని రోజు ఒక్కటే, శనివారం. ఆఫీసు వదులుకోగలిగిన రోజు కూడా అదే. విజయవాడలో శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి తిరుపతి. ఆదివారం రాత్రి బయలుదేరితే సోమవారం పొద్దున ఇంటికి.

ప్రతి దరఖాస్తులోనూ ఇలా కలిసిరాదు. కానీ వెతక్కుండా కాదనడానికీ, వెతికి కాదనడానికీ చదివేవారికి తేడా తెలుస్తుంది. వెతకడానికి పట్టేది ఒక్క ఫోన్‌కాల్. “ఈ ఎనిమిది రోజుల్లో తప్పనిసరిగా కావాల్సినవి ఏవండీ?” అని అడిగితే చాలు. సెలవు ఎందుకని కూపీ లాగడం వేరు, ఏ రోజులు ముఖ్యమని అడగడం వేరు. రెండోది అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

ఇప్పుడు జవాబు. మొదటి వాక్యంలోనే నిర్ణయం ఉండాలి. పలకరింపుల తర్వాత, కష్టసుఖాల తర్వాత, మూడో పేరాలో చెబుదామనుకుంటే చదివేవారు మొదటి రెండు పేరాల్లోనూ ఆ ఒక్క మాట కోసమే వెతుకుతారు. తర్వాతి వాక్యాల్లో కారణం, అదీ పేరుతో, తేదీతో. “పని ఒత్తిడి దృష్ట్యా” అనే అచ్చు వాక్యం అక్కర్లేదు. “మీ అభ్యర్థన పరిశీలించబడినది, మంజూరు చేయుటకు వీలుపడదు” లాంటి సర్కారీ భాష కూడా అక్కర్లేదు. ఆ భాషలో నిర్ణయం తీసుకున్న మనిషి కనబడడు. కాదన్నది తానేనని మేనేజర్ ఒప్పుకోవాలి. “పైవాళ్లు ఒప్పుకోలేదు” అని పక్కకు తప్పుకుంటే సరళ నేరుగా పైవాళ్ల దగ్గరికే వెళ్తారు, వెళ్లాలి కూడా.

క్షమాపణ ఎంత చెప్పాలన్నది కొంచెం సున్నితమైన వ్యవహారం. తన వల్ల ఆలస్యమైన మూడు రోజులకు మేనేజర్ క్షమాపణ చెప్పాలి. గడువు సెప్టెంబర్ 30న ఉన్నందుకు చెప్పనక్కర్లేదు. ఇంటిల్లిపాదీ అనుకున్న ప్రయాణం చెదిరిందని గుర్తించడం మాత్రం అవసరం, ఒక్క వాక్యం చాలు. దాని మీద మూడు వాక్యాలు రాస్తే, ఆయన బాధను ఆవిడ ఓదార్చాల్సి వస్తుంది.

తిరగరాసిన జవాబు ఇలా ఉండవచ్చు:

“సరళ గారూ,

21 నుంచి 28 వరకు మీరు అడిగిన సెలవు మొత్తం ఇవ్వలేకపోతున్నాను. 26వ తేదీ శనివారం మాత్రం సెలవు ఇస్తున్నాను. 25న సాయంత్రం అయిదింటికే బయలుదేరవచ్చు, 28 సోమవారం ఆఫీసుకు రావాలి. జవాబు చెప్పడానికి మూడు రోజులు తీసుకున్నాను, అందుకు క్షమించండి.

కారణం మీ దగ్గరున్న రైసు మిల్లు, మందుల హోల్‌సేల్ ఫైళ్లు. జీఎస్టీ తేడాలు సరిచూసే పని మీరు చాలావరకు పూర్తి చేశారు, దాన్ని ఇప్పుడు ఇంకొకరికి ఇస్తే 30 లోపల తేలదు. మిగతా మూడు ఫైళ్లు రేపే వేరేవాళ్లకు మారుస్తున్నాను, ఈ రెండింటి మీదే కూర్చోండి. 28న రావాలన్నది ఆ ఖాతాదారుల ఆమోదం దగ్గరుండి చేయించడానికి.

ఈ నెలలో మరొకరికి రెండు రోజులు సెలవు ఉందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆ దరఖాస్తు జూలైలో వచ్చింది, దానికి తగ్గట్టు ఫైళ్లు పంచాం. మీ టికెట్ల సంగతి కూడా జూన్‌లోనే చెప్పి ఉంటే అలాగే సర్దేవాళ్లం. సెప్టెంబర్ సెలవులు ముందే చెప్పమని మేము కాగితం మీద ఎప్పుడూ అడగలేదు, అది మా లోపం.

మిగతా రోజులకు బదులుగా అక్టోబర్ 5 నుంచి 12 వరకు సెలవు ఇప్పుడే మంజూరు చేస్తున్నాను. దసరా దగ్గర తీసుకుంటానంటే ఆ తేదీలు 30 లోపల చెప్పండి, మారుస్తాను. ఆడిట్ గడువు పొడిగించినా అక్టోబర్ సెలవు మారదు. పొడిగింపు 25 లోపల వస్తే 28న కూడా రానక్కర్లేదు.

రద్దు చేసుకోవాల్సిన టికెట్లకు పోయే డబ్బు ఆఫీసు ఇస్తుంది, రసీదులు పంపండి. ఇంట్లో అందరూ కలిసి అనుకున్న ప్రయాణం, ఇలా చెప్పాల్సి వచ్చినందుకు నాకూ బాగాలేదు. ఈ ఏర్పాటులో మీకు కుదరనిది ఏదైనా ఉంటే రేపు మధ్యాహ్నం లోపల చెప్పండి, మాట్లాడదాం.”

దీన్ని వాట్సాప్‌లో కాక మెయిల్‌లో పంపడం మేలు. అక్టోబర్‌లో ఎవరైనా “అలా అన్నానా?” అని అడిగితే వెతికి చూపించుకునేందుకు అది ఉంటుంది. పంపే ముందు ఫోన్ చేసి నోటితో చెబితే ఇంకా మేలు. కాదన్న మాట మొదటిసారి తెరమీద చదువుకోవడం కంటే గొంతులో వినడం తేలిక.

ఈ జవాబులో కొన్ని చోట్ల ఆగాలి. గడువు పొడిగింపు గురించిన వాక్యాలు ఆడిట్ ఆఫీసుల సంగతి తెలిసినవారు మాత్రమే రాస్తారు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఈ గడువును ఆఖరి నిమిషంలో పొడిగించిన సందర్భాలున్నాయి. 2025లో సెప్టెంబర్ 25న ఆ ప్రకటన వచ్చింది, గడువు అక్టోబర్ 31కి మారింది. అంటే సెప్టెంబర్ కోసమని సెలవు ఆపుకున్నవారు, ఆ సెలవు తీసుకోవాల్సిన అక్టోబర్‌లో మళ్లీ అదే ఒత్తిడి మధ్య చిక్కుకున్నారు. ఒకసారి ఆపిన సెలవును రెండోసారి ఆపితే మొదటి మాటకు విలువ ఉండదు. అందుకే ఆ సంగతి ముందే ఊహించి రాయడం, గడువు ఎటు మారినా ఇచ్చిన తేదీలు మారవని చెప్పడం.

రెండో ఉద్యోగి ప్రస్తావన కూడా చూడాలి. ఆయనకు సెలవు ఎందుకు ఇచ్చారన్న కారణం జవాబులో లేదు, అది ఆయన సొంత విషయం. ఎప్పుడు అడిగారన్నది మాత్రమే ఉంది. ముందు అడిగినవారికి ముందు అన్న పద్ధతి అందరికీ ఒకేలా వర్తిస్తుంది, సరళకు నచ్చకపోయినా అర్థమవుతుంది. కారణాలను పోల్చడం మొదలుపెడితే, ఎవరి ఇంటి పని గొప్పదో తూచే తగువు మేనేజర్ బల్ల మీదికి వస్తుంది. ఆ తగువు ఎవరూ తీర్చలేరు.

టికెట్ల డబ్బు ఇవ్వడం అన్ని ఆఫీసులకూ వీలుపడదు. వీలుపడకపోతే ఆ వాక్యం తీసేయాలి, “చూస్తాం” అని మాత్రం రాయకూడదు. జవాబులో ఏ హామీ అయినా ఇంతే. ఇవ్వగలిగితే తేదీతో, లెక్కతో రాయాలి, లేకపోతే రాయకూడదు. మేనేజర్ చేతిలో లేనిదాన్ని, అంటే తన పైవారు సంతకం పెట్టాల్సినదాన్ని, ముందే మాట ఇవ్వడం ఇలాంటి జవాబుల్లో తరచుగా జరిగే తప్పు. అక్టోబర్ సెలవును రిజిస్టర్‌లో ఎక్కించాకే ఈ మెయిల్ వెళ్లాలి.

అత్తమామలు, భర్త ముందుగా బయలుదేరి రామేశ్వరం వెళ్తే, సరళ శుక్రవారం రాత్రి రైలెక్కి తిరుపతిలో వాళ్లను కలుసుకోవచ్చు. ఈ ఉపాయం మేనేజర్‌కు తట్టవచ్చు. జవాబులో రాయకపోవడమే మంచిది. ఆఫీసు రోజుల సంగతి ఆయనది, ఇంటి ప్రయాణం ఎలా నడవాలన్నది వాళ్లది. సాయం చేద్దామని రాసిన సలహా కూడా ఇక్కడ పెత్తనంలా వినబడుతుంది.

సరళ మళ్లీ అడగవచ్చు. “28 కూడా ఇవ్వండి, ఆ ఖాతాదారుల ఆమోదం ఫోన్‌లో చేయిస్తాను” అనవచ్చు. జవాబులో అసలు కారణం రాసినందుకే ఆమె ఇలా ఒక దారి చూపించగలిగింది. అది పనికొచ్చే దారైతే మేనేజర్ ఒప్పుకోవాలి, అందులో చిన్నతనం లేదు. ఖాతాదారు మొండివాడు, మనిషి ఎదురుగా కూర్చుంటే తప్ప లాగిన్ కాడని తెలిసి ఉంటే ఆ సంగతి చెప్పి కాదనాలి. అంతే తప్ప “ఒకసారి చెప్పాను కదా” అనకూడదు.

ఇవ్వడానికి ఏమీ లేని సందర్భాలూ ఉంటాయి. చిన్న ఆఫీసు, ఇద్దరే మనుషులు, ఒకరు ఆసుపత్రిలో. అప్పుడు జవాబు చిన్నదిగా ఉండాలి: సెలవు ఇవ్వలేను, కారణం ఇది, ఫలానా తేదీ తర్వాత ఇన్ని రోజులు ఖాయం. లేని ప్రత్యామ్నాయాన్ని ఉన్నట్టు చూపడానికి వాక్యాలు పెంచితే చదివేవారికి అది తెలిసిపోతుంది.

ఇంత జాగ్రత్తగా రాసినా సరళకు ఏడు రోజుల్లో ఒక్కటే దక్కింది. అత్తమామలకు ఏం చెప్పాలన్న ఇబ్బంది ఆమెదే. జవాబు బాగుంటే ఆ ఇబ్బంది పోదు, దాని మీద అవమానం చేరదంతే. అసలు ఇబ్బంది తగ్గాలంటే సెప్టెంబర్‌లో ఎంత బాగా రాశారన్నది ఆలస్యమైన ప్రశ్న. సెప్టెంబర్ దర్శనం టికెట్లు జూన్‌లో విడుదలవుతాయి, రైలు రిజర్వేషన్ రెండు నెలల ముందు తెరుస్తారు. సెప్టెంబర్ 10 నుంచి 30 వరకు ఎంతమందికి సెలవు ఇవ్వగలం, ఎప్పటిలోగా అడగాలి అన్న నోటీసు ఆఫీసు గోడ మీద జూన్ మొదటి వారంలోనే పడాలి.